బై-బ్యాక్ లెక్కలో సి.ఆర్.ఆర్.కు ఎంత బదిలీ చేయాలి?

విజయవాడలో సీఏ ఇంటర్‌కు సిద్ధమవుతున్నవారూ, గుంటూరు చుట్టుపక్కల కళాశాలల్లో బీకాం చివరి సంవత్సరం చదువుతున్నవారూ ఈక్విటీ షేర్ల బై-బ్యాక్ గురించి దాదాపు ఒకే ప్రశ్న అడుగుతుంటారు. "డిబెంచర్లు జారీ చేసి ఆ డబ్బుతోనే షేర్లు వెనక్కి కొన్నాం కదండీ, మరి రిజర్వుకు బదిలీ ఎందుకు చేయాలి?" అని. ప్రశ్న సహేతుకమైనదే. బ్యాంకులోకి వచ్చిన నగదునూ, చట్టం దృష్టిలో నిధుల మూలాన్నీ ఒకటిగా చూడడం వల్ల ఈ సందేహం వస్తుంది. ఆ రెండింటినీ విడదీసి చూడగలిగితే ఈ అధ్యాయంలో మార్కులు పోయే చోట్లు చాలావరకు తగ్గిపోతాయి. అందుకే ఇక్కడ ఒకే లెక్కను తీసుకుని మొదటి నుంచి చివరి వరకు చేసి చూపిస్తున్నాను.

మొదలుపెట్టే ముందు దగ్గర ఉంచుకోవలసినవి

ప్రశ్నలో ఇచ్చిన బ్యాలెన్స్ షీట్, బై-బ్యాక్ ధర, షేరు ముఖ విలువ, కొత్తగా ఏమేమి జారీ చేశారన్న వివరం, ఈ నాలుగూ స్పష్టంగా రాసి పెట్టుకోండి. కంపెనీల చట్టం, 2013లోని మూడు సెక్షన్లు గుర్తుంటే చాలు. ఏ మూలాల నుంచి, ఏ పరిమితులకు లోబడి కొనవచ్చో సెక్షన్ 68 చెబుతుంది. క్యాపిటల్ రిడెంప్షన్ రిజర్వుకు, అంటే సి.ఆర్.ఆర్.కు, ఎప్పుడు ఎంత బదిలీ చేయాలో సెక్షన్ 69 చెబుతుంది. ఏ పరిస్థితుల్లో బై-బ్యాక్ కూడదో సెక్షన్ 70 చెబుతుంది. లెక్కల ప్రశ్నలో మనకు ఎక్కువగా పని పడేది మొదటి రెండింటితోనే.

మనం చేయబోయే లెక్క

గుంటూరులో మిర్చి నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీ కంపెనీ ఒకటి ఉందని అనుకుందాం. దాని బ్యాలెన్స్ షీట్ ఇలా ఉంది. అంకెలన్నీ లక్షల రూపాయల్లో ఉన్నాయి.

- ఈక్విటీ షేర్ క్యాపిటల్ (10 లక్షల షేర్లు, ఒక్కొక్కటి రూ. 10, పూర్తిగా చెల్లించినవి): 100
- సెక్యూరిటీస్ ప్రీమియం: 20
- జనరల్ రిజర్వు: 60
- లాభనష్టాల ఖాతా మిగులు: 20
- రీవాల్యుయేషన్ రిజర్వు: 15
- 12% డిబెంచర్లు: 168
- బ్యాంకు టర్మ్ లోన్: 120
- ట్రేడ్ పేయబుల్స్: 32
- మొత్తం: 535
- స్థిరాస్తులు: 400
- సరుకు నిల్వలు, రావలసిన బాకీలు: 83
- బ్యాంకు నిల్వ: 52
- మొత్తం: 535

కంపెనీ తన ఈక్విటీ షేర్లను ఒక్కొక్కటి రూ. 25 చొప్పున వెనక్కి కొనాలనుకుంటోంది. గరిష్ఠంగా ఎన్ని షేర్లు కొనవచ్చో కనుక్కొని, జర్నల్ పద్దులు రాసి, తర్వాతి బ్యాలెన్స్ షీట్ తయారు చేయాలి.

1. ఫ్రీ రిజర్వులను వేరు చేయండి

ముందుగా రిజర్వుల జాబితా చూసి, డివిడెండుగా పంచడానికి వీలున్నవి ఏవో గుర్తించండి. జనరల్ రిజర్వు, లాభనష్టాల ఖాతా మిగులు ఆ కోవలోకి వస్తాయి. సెక్యూరిటీస్ ప్రీమియాన్ని మామూలుగా డివిడెండుగా పంచకూడదు. అయినా బై-బ్యాక్ కోసం దాన్ని ఫ్రీ రిజర్వుల్లో కలుపుకోవాలని సెక్షన్ 68లోని వివరణే స్పష్టంగా చెబుతోంది. రీవాల్యుయేషన్ రిజర్వు మాత్రం చేతికి రాని లాభం. ఆస్తి విలువను కాగితం మీద పెంచగా వచ్చినది కాబట్టి దాన్ని తీసుకోకూడదు. ఇంతకుముందే ఉన్న సి.ఆర్.ఆర్., డిబెంచర్ రిడెంప్షన్ రిజర్వు కూడా లెక్కలోకి రావు.

మన కంపెనీకి ఫ్రీ రిజర్వులు 20 + 60 + 20 = 100 లక్షలు. దీనికి చెల్లించిన మూలధనం 100 లక్షలు కలిపితే ఆధార మొత్తం 200 లక్షలు.

జాగ్రత్త: లాభనష్టాల ఖాతాలో నష్టం మిగిలి ఉంటే దాన్ని ఫ్రీ రిజర్వుల నుంచి తీసివేయాలి. చాలామంది రిజర్వుల్లో కలపవలసినవి కలిపి, తీసివేయవలసిన నష్టాన్ని మరచిపోతారు. ఇక్కడ జరిగిన తప్పు చివరి అంకె దాకా వెంట వస్తుంది కాబట్టి ఈ దశలో తొందరపడవద్దు.

2. గరిష్ఠ షేర్ల సంఖ్య కోసం మూడు పరీక్షలు చేయండి

మొదటిది షేర్ల సంఖ్య పరీక్ష. ఒక ఆర్థిక సంవత్సరంలో కొనే ఈక్విటీ షేర్లు చెల్లించిన ఈక్విటీ మూలధనంలో 25 శాతం మించకూడదు. 10 లక్షల షేర్లలో 25 శాతం అంటే 2.5 లక్షల షేర్లు.

రెండవది వనరుల పరీక్ష. బై-బ్యాక్‌కు వెచ్చించే మొత్తం, చెల్లించిన మూలధనమూ ఫ్రీ రిజర్వులూ కలిసిన దానిలో 25 శాతం మించకూడదు. 200 లక్షల్లో 25 శాతం 50 లక్షలు. దాన్ని రూ. 25తో భాగిస్తే 2 లక్షల షేర్లు.

మూడవది అప్పు-ఈక్విటీ పరీక్ష. అసలు కష్టం ఇక్కడే ఉంటుంది కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం. బై-బ్యాక్ పూర్తయిన తర్వాత కంపెనీ అప్పులు, అంటే హామీ ఉన్నవీ లేనివీ కలిపి, చెల్లించిన మూలధనమూ ఫ్రీ రిజర్వులూ కలిసిన మొత్తానికి రెండు రెట్లు మించకూడదు. మొదటి రెండు పరీక్షల్లో బై-బ్యాక్‌కు ముందున్న అంకెలను చూశాం. ఈ పరీక్షలో మాత్రం తర్వాతి స్థితిని చూడాలి.

మన కంపెనీ అప్పులు 168 + 120 = 288 లక్షలు. కాబట్టి బై-బ్యాక్ తర్వాత కనీసం 144 లక్షలు మిగలాలి. ఇప్పుడున్నది 200 లక్షలు. అయితే 56 లక్షల దాకా ఖర్చు పెట్టవచ్చా? పెట్టకూడదు. షేర్లు కొనడానికి వెళ్ళే నగదుతో పాటు, ఆ షేర్ల ముఖ విలువకు సమానమైన మొత్తం ఫ్రీ రిజర్వుల నుంచి సి.ఆర్.ఆర్.కు వెళ్ళిపోతుంది. సి.ఆర్.ఆర్. ఫ్రీ రిజర్వు కాదు. అంటే మన 200 లక్షల నుంచి రెండు మొత్తాలు తగ్గుతున్నాయి. రెండూ తెలియనివే, రెండూ ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉన్నాయి. అందుకే రెండు సమీకరణాలు రాయాలి.

బై-బ్యాక్ మొత్తాన్ని y అనీ, సి.ఆర్.ఆర్.కు వెళ్ళే మొత్తాన్ని x అనీ అనుకోండి.

```
(200 − x) − 144 = y
x = (y ÷ 25) × 10 = 0.4y
56 = 1.4y
y = 40,  x = 16
```

బై-బ్యాక్ మొత్తం 40 లక్షలు. రూ. 25తో భాగిస్తే 1.6 లక్షల షేర్లు.

మూడు పరీక్షల్లో వచ్చినవి 2.5 లక్షలు, 2 లక్షలు, 1.6 లక్షలు. వీటిలో అన్నిటికంటే తక్కువైన 1.6 లక్షల షేర్లే గరిష్ఠ పరిమితి. సమీకరణం రాయకుండా 56 లక్షలను నేరుగా 25తో భాగించినవారికి 2.24 లక్షల షేర్లు వస్తాయి. అప్పుడు వారికి కనిష్ఠంగా కనిపించేది రెండవ పరీక్షలోని 2 లక్షలు. వారి జవాబు గుండ్రంగా, నమ్మదగినట్లే కనిపిస్తుంది కానీ తప్పు. ఈ అంకెలను కావాలనే ఇలా ఎంచుకున్నాను. సి.ఆర్.ఆర్.ను మరచిపోతే ఎంత తేడా వస్తుందో ఒకసారి కళ్ళారా చూస్తే, ఆ మెట్టును వదిలేయరని నా నమ్మకం.

భాగహారంలో షేర్ల సంఖ్య భిన్నంగా వస్తే కింది పూర్ణ సంఖ్యకే దించండి. పైకి సవరిస్తే పరిమితిని దాటినట్లవుతుంది. ట్రేడ్ పేయబుల్స్ విషయంలో కూడా ఒక మాట. ఇలాంటి ప్రశ్నల్లో అప్పులుగా సాధారణంగా రుణ నిధులనే తీసుకుంటారు. మనమూ అలాగే తీసుకున్నాం. ఆ సంగతిని జవాబులో ఒక వాక్యంగా రాయండి.

3. ఫలితాన్ని వెంటనే సరిచూసుకోండి

1.6 లక్షల షేర్లు కొన్న తర్వాత చెల్లించిన మూలధనం 100 − 16 = 84 లక్షలు. ఫ్రీ రిజర్వుల నుంచి ప్రీమియం కింద 24 లక్షలు, సి.ఆర్.ఆర్. కింద 16 లక్షలు తగ్గుతాయి కాబట్టి 60 లక్షలు మిగులుతాయి. రెండూ కలిపి 144 లక్షలు. అప్పులు 288 లక్షలు. నిష్పత్తి కచ్చితంగా 2:1. మూడవ పరీక్షే పరిమితిని నిర్ణయించినప్పుడు ఇలా సరిగ్గా 2 రావాలి. రాకపోతే సమీకరణంలో ఎక్కడో పొరపాటు జరిగిందన్నమాట. ఈ సరిచూత ఒక్క నిమిషం పని, జవాబు పత్రంలో చూపిస్తే పరీక్షకునికీ మీ పద్ధతి స్పష్టమవుతుంది.

అనుమతి గురించి ప్రశ్న అడిగితే కూడా ఇక్కడే జవాబు దొరుకుతుంది. చెల్లించిన ఈక్విటీ మూలధనమూ ఫ్రీ రిజర్వులూ కలిసిన మొత్తంలో 10 శాతం వరకైతే బోర్డు తీర్మానం సరిపోతుంది. మన కంపెనీకి ఆ హద్దు 20 లక్షలు. కొనబోతున్నది 40 లక్షలకు కాబట్టి వాటాదారుల సమావేశంలో ప్రత్యేక తీర్మానం కావాలి. ఎలాగైనా ఆర్టికల్స్‌లో బై-బ్యాక్‌కు అధికారం ఉండి తీరాలి.

4. నిధుల మూలాన్ని గుర్తించండి

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాం. సెక్షన్ 68 అనుమతించిన మూలాలు మూడే. ఫ్రీ రిజర్వులు, సెక్యూరిటీస్ ప్రీమియం ఖాతా, షేర్లు లేదా ఇతర నిర్దిష్ట సెక్యూరిటీల కొత్త జారీ ద్వారా వచ్చిన మొత్తం. మూడవదానికి ఒక నిషేధం ఉంది. ఏ రకం షేర్లను కొంటున్నారో, అదే రకం షేర్లను అంతకుముందు జారీ చేయగా వచ్చిన డబ్బుతో కొనకూడదు. ఈక్విటీ షేర్లు జారీ చేసి ఆ డబ్బుతో ఈక్విటీ షేర్లు వెనక్కి కొనడానికి వీల్లేదు. ప్రిఫరెన్స్ షేర్లు జారీ చేసి ఈక్విటీ షేర్లు కొనవచ్చు.

ఈ జాబితాలో డిబెంచర్లు లేవు, బ్యాంకు రుణం లేదు, పెట్టుబడుల అమ్మకం లేదు. అయితే వాటి ద్వారా నగదు సమకూర్చుకోకూడదని దీని అర్థం కాదు. వాటాదారులకు చెల్లించడానికి నగదు ఎక్కడి నుంచైనా రావచ్చు. కానీ చెల్లింపు వల్ల తరిగిపోయే మూలధనం స్థానంలో ఏమి నిలబడుతోంది అన్నదే చట్టం అడిగే ప్రశ్న. కొత్త ప్రిఫరెన్స్ షేర్లు వస్తే మూలధనం స్థానంలో మూలధనమే వచ్చింది, అప్పులిచ్చినవారికి ఉన్న రక్షణ అంతమేరకు చెక్కుచెదరలేదు. డిబెంచర్లు వస్తే వచ్చింది అప్పు, రక్షణ పెరగకపోగా అప్పులవారి సంఖ్యే పెరిగింది. కాబట్టి డిబెంచర్ల డబ్బుతో షేర్లు కొన్నప్పుడు, ఆ కొనుగోలు ఫ్రీ రిజర్వుల నుంచి జరిగినట్లే లెక్క. ఆ షేర్ల ముఖ విలువ మేరకు సి.ఆర్.ఆర్.కు బదిలీ చేసి, అంతమొత్తాన్ని డివిడెండుగా పంచడానికి వీల్లేకుండా పక్కన పెట్టాలి. సి.ఆర్.ఆర్.ను ఆ తర్వాత వాడగలిగేది పూర్తిగా చెల్లించిన బోనస్ షేర్ల జారీకి మాత్రమే.

కాబట్టి ప్రశ్న చదివేటప్పుడు చిత్తు కాగితం మీద రెండు నిలువు వరుసలు గీయండి. ఒకదానిపై "నగదు" అనీ, రెండవదానిపై "మూలం" అనీ రాయండి. ప్రిఫరెన్స్ షేర్ల జారీ రెండు వరుసల్లోనూ పడుతుంది. డిబెంచర్లు, టర్మ్ లోన్, పెట్టుబడుల అమ్మకం మొదటి వరుసలోనే పడతాయి. పెట్టుబడుల అమ్మకంలో లాభం వస్తే అది లాభనష్టాల ఖాతాకు వెళ్తుంది, అసలు అమ్మకం మొత్తం మాత్రం ఎప్పటికీ మూలం కాదు.

5. సి.ఆర్.ఆర్. మొత్తాన్ని లెక్కించండి

పద్ధతి ఇది. కొన్న షేర్ల ముఖ విలువ నుంచి, అనుమతించిన కొత్త జారీ ద్వారా వచ్చిన మొత్తాన్ని తీసివేస్తే మిగిలేది సి.ఆర్.ఆర్.కు వెళ్ళాలి. మన లెక్కను రెండు రకాలుగా చేద్దాం.

మొదటి రకం: కొత్త జారీ ఏదీ లేదు, చెల్లింపు అంతా ఉన్న బ్యాంకు నిల్వ నుంచే జరిగింది. కొన్న షేర్ల ముఖ విలువ 1.6 లక్షలు × రూ. 10 = 16 లక్షలు. కొత్త జారీ లేదు కాబట్టి సి.ఆర్.ఆర్.కు 16 లక్షలు. సమీకరణంలో x కూడా ఇదే వచ్చింది.

రెండవ రకం: అదే 1.6 లక్షల షేర్లను కొనడానికి కంపెనీ రూ. 10 లక్షల 9% ప్రిఫరెన్స్ షేర్లను ముఖ విలువకే జారీ చేసింది, మరో 10 లక్షలకు కొత్త డిబెంచర్లు జారీ చేసింది, మిగతా 20 లక్షలు బ్యాంకు నిల్వ నుంచి చెల్లించింది. ఇప్పుడు సి.ఆర్.ఆర్. ఎంత? 16 − 10 = 6 లక్షలు. డిబెంచర్ల 10 లక్షలు ఈ లెక్కలో ఎక్కడా కనిపించవు.

ఇక్కడ మూడు రకాల తప్పు జవాబులు తరచూ చూస్తుంటాను. కొందరు ప్రిఫరెన్స్ షేర్లూ డిబెంచర్లూ కలిపి 20 లక్షలు తీసివేసి, 16 లక్షల కంటే అది ఎక్కువ కాబట్టి సి.ఆర్.ఆర్. అవసరం లేదని తేల్చేస్తారు. మరికొందరు మొత్తం చెల్లింపు 40 లక్షల నుంచి 10 లక్షలు తీసి 30 లక్షలు బదిలీ చేస్తారు. సెక్షన్ 69 చెప్పేది ముఖ విలువ గురించి, చెల్లించిన ధర గురించి కాదు. ఇంకొందరు కొత్త జారీని పట్టించుకోకుండా మొత్తం 16 లక్షలూ బదిలీ చేస్తారు. మూడవ తప్పు చేసినవారు కనీసం జాగ్రత్త వైపు తప్పారు కానీ మార్కుల దగ్గర ఆ తేడా ఉండదు.

ప్రిఫరెన్స్ షేర్లను ప్రీమియంతో జారీ చేసినట్లు ప్రశ్నలో ఉంటే, ముఖ విలువను మాత్రమే తీసివేసి, ప్రీమియాన్ని సెక్యూరిటీస్ ప్రీమియం ఖాతాలో చూపించండి. వచ్చిన మొత్తమంతా తీసివేసిన పరిష్కారాలు కూడా మీకు కనిపించవచ్చు. అందుకే మీరు ఏది అనుసరించారో వర్కింగ్ నోట్‌లో ఒక వాక్యంగా రాయడం తప్పనిసరి.

6. బై-బ్యాక్ ప్రీమియాన్ని ఎక్కడి నుంచి సర్దాలో నిర్ణయించండి

షేరు ముఖ విలువ రూ. 10, చెల్లించినది రూ. 25. తేడా రూ. 15 చొప్పున 1.6 లక్షల షేర్లకు 24 లక్షలు. దీన్ని ముందు సెక్యూరిటీస్ ప్రీమియం నుంచి సర్దండి, చాలకపోతే జనరల్ రిజర్వు నుంచి తీసుకోండి. ఇక్కడ 20 లక్షలు సెక్యూరిటీస్ ప్రీమియం నుంచి, 4 లక్షలు జనరల్ రిజర్వు నుంచి. సి.ఆర్.ఆర్. బదిలీని జనరల్ రిజర్వు నుంచి చేయండి. ఈ వరుస పాటిస్తే ఖాతాల్లో గందరగోళం ఉండదు.

ప్రిఫరెన్స్ షేర్ల విమోచనం అధ్యాయం అంతకుముందే చదివినవారు ఇక్కడ తడబడతారు. అక్కడ కొన్ని తరగతుల కంపెనీలు విమోచన ప్రీమియాన్ని లాభాల నుంచే భరించాలన్న నియమం ఉంది. బై-బ్యాక్‌కు ఆ నియమాన్ని తీసుకురాకండి. సొంత షేర్ల కొనుగోలుకు సెక్యూరిటీస్ ప్రీమియం వాడుకోవచ్చని చట్టమే చెబుతోంది.

7. జర్నల్ పద్దులు రాయండి

రెండవ రకాన్ని తీసుకుందాం, అందులో పద్దులన్నీ వస్తాయి. అంకెలు లక్షల్లో.

- బ్యాంకు ఖాతా డెబిట్ 10. 9% ప్రిఫరెన్స్ షేర్ క్యాపిటల్ ఖాతా క్రెడిట్ 10.
- బ్యాంకు ఖాతా డెబిట్ 10. డిబెంచర్ల ఖాతా క్రెడిట్ 10.
- ఈక్విటీ షేర్ క్యాపిటల్ ఖాతా డెబిట్ 16, బై-బ్యాక్‌పై ప్రీమియం ఖాతా డెబిట్ 24. ఈక్విటీ షేర్ల బై-బ్యాక్ ఖాతా క్రెడిట్ 40.
- ఈక్విటీ షేర్ల బై-బ్యాక్ ఖాతా డెబిట్ 40. బ్యాంకు ఖాతా క్రెడిట్ 40.
- సెక్యూరిటీస్ ప్రీమియం ఖాతా డెబిట్ 20, జనరల్ రిజర్వు ఖాతా డెబిట్ 4. బై-బ్యాక్‌పై ప్రీమియం ఖాతా క్రెడిట్ 24.
- జనరల్ రిజర్వు ఖాతా డెబిట్ 6. క్యాపిటల్ రిడెంప్షన్ రిజర్వు ఖాతా క్రెడిట్ 6.

మొదటి రకంలో తొలి రెండు పద్దులు ఉండవు, చివరి పద్దులో 6 స్థానంలో 16 వస్తుంది. మిగతావన్నీ ఇవే. చివరి పద్దు వివరణలో సెక్షన్ 69ను పేర్కొనండి. సి.ఆర్.ఆర్. పద్దులో నగదు కదలదు, ఒక రిజర్వు నుంచి మరో రిజర్వుకు మొత్తం మారుతుంది, అంతే. ఈ పద్దులో బ్యాంకు ఖాతాను క్రెడిట్ చేసినవారిని కూడా చూశాను కాబట్టి ఇది చెప్పవలసి వస్తోంది.

8. బ్యాలెన్స్ షీట్ వేసి రెండు సరిచూతలు చేయండి

రెండవ రకంలో బై-బ్యాక్ తర్వాత ఈక్విటీ క్యాపిటల్ 84, ప్రిఫరెన్స్ క్యాపిటల్ 10, సి.ఆర్.ఆర్. 6, జనరల్ రిజర్వు 50, లాభనష్టాల ఖాతా 20, రీవాల్యుయేషన్ రిజర్వు 15, పాతవీ కొత్తవీ కలిసిన డిబెంచర్లు 178, టర్మ్ లోన్ 120, ట్రేడ్ పేయబుల్స్ 32. మొత్తం 515. ఆస్తుల వైపు స్థిరాస్తులు 400, నిల్వలూ బాకీలూ 83, బ్యాంకు 52 + 20 − 40 = 32. మొత్తం 515. సెక్యూరిటీస్ ప్రీమియం పూర్తిగా ఖర్చయిపోయింది.

రెండు వైపులా సమానమైతే పని అయిపోయిందని అనుకోకండి. సి.ఆర్.ఆర్.కు 6 బదులు 16 బదిలీ చేసినా, అసలు బదిలీయే చేయకపోయినా బ్యాలెన్స్ షీట్ సమానంగానే వస్తుంది, ఎందుకంటే మొత్తం ఒకే వైపున ఒక రిజర్వు నుంచి మరో రిజర్వుకు మారింది. కాబట్టి సి.ఆర్.ఆర్.కు వేరే సరిచూత కావాలి. మిగిలిన ఈక్విటీ క్యాపిటల్, కొత్త ప్రిఫరెన్స్ క్యాపిటల్, కొత్తగా ఏర్పడిన సి.ఆర్.ఆర్., ఈ మూడింటినీ కలపండి. అది బై-బ్యాక్‌కు ముందున్న మూలధనంతో సమానం కావాలి. ఇక్కడ 84 + 10 + 6 = 100. మొదటి రకంలో 84 + 16 = 100. ముఖ విలువకే జారీ అయినప్పుడు ఈ లెక్క కచ్చితంగా కుదరాలి. డిబెంచర్లను కూడా తీసివేసి సి.ఆర్.ఆర్. సున్నా అన్నవారికి 94 మాత్రమే వస్తుంది. ఆ తగ్గిన 6 లక్షలే అప్పులిచ్చినవారి రక్షణలో పడిన గండి.

రెండవ సరిచూత అప్పు-ఈక్విటీ నిష్పత్తి. కొత్త డిబెంచర్లు చేరాయి కాబట్టి అప్పులు 298. చెల్లించిన మూలధనం 94, ఫ్రీ రిజర్వులు 70, కలిపి 164. దానికి రెట్టింపు 328. అప్పులు దానిలోపే ఉన్నాయి. కొత్తగా అప్పు తెచ్చి బై-బ్యాక్ చేసిన ప్రతి లెక్కలోనూ ఈ నిష్పత్తిని కొత్త అప్పుతో కలిపి మళ్ళీ చూడాలి. పాత 288తోనే చూసి వదిలేయడం మంచి విద్యార్థులు కూడా చేసే తప్పు.

సిద్ధాంత భాగంలో అడిగే షరతులు

లెక్కతో పాటు నాలుగైదు మార్కులకు షరతులు రాయమంటే ఇవి రాయండి. వెనక్కి కొనే షేర్లు పూర్తిగా చెల్లించినవై ఉండాలి. తీర్మానం జరిగిన తేదీ నుంచి ఒక సంవత్సరంలోగా బై-బ్యాక్ పూర్తి కావాలి. ఒక బై-బ్యాక్ ఆఫర్ ముగిసిన తేదీ నుంచి ఏడాది గడిచేదాకా మరో ఆఫర్ ఇవ్వకూడదు. పూర్తయిన చివరి తేదీ నుంచి 7 రోజుల్లోగా ఆ షేర్లను రద్దు చేసి భౌతికంగా నాశనం చేయాలి. ఆ తర్వాత 6 నెలల పాటు అదే రకం షేర్లను కొత్తగా జారీ చేయకూడదు. బోనస్ జారీకీ, వారంట్ల మార్పిడి, ఉద్యోగుల స్టాక్ ఆప్షన్లు, ప్రిఫరెన్స్ షేర్లు లేదా డిబెంచర్లను ఈక్విటీగా మార్చడం వంటి పాత బాధ్యతల నిర్వహణకూ ఈ నిషేధం వర్తించదు.

ప్రశ్నలో "బై-బ్యాక్ జరిగిన వెంటనే కంపెనీ బోనస్ షేర్లు జారీ చేసింది" అని ఉంటే కంగారు పడకండి, అది అనుమతించినదే. అప్పుడు ఇప్పుడే ఏర్పడిన సి.ఆర్.ఆర్.ను ముందుగా బోనస్‌కు వాడి, చాలకపోతేనే జనరల్ రిజర్వు జోలికి వెళ్ళండి. అలా చేస్తే డివిడెండుకు పనికివచ్చే రిజర్వు కంపెనీ చేతిలో మిగులుతుంది.